బావకో ఉత్తరం: ఒకరోజు నవ్వు, ఒకరోజు ముభావం

(ఈ శీర్షికలో ప్రతివారం ఒక ఉత్తరం వేస్తున్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఈ వారం ఉత్తరం ఖతీఫ్‌లో ఒక ప్రైవేటు పాలీక్లినిక్‌లో బిల్లుల కౌంటర్ దగ్గర పనిచేసే కుర్రాడు, కోనసీమలో ఉన్న తన మేనత్త కొడుక్కి రాసింది. మనుషుల పేర్లు తీసేశాం.)

బావా,

నువ్వు, అక్క, పిల్లలు క్షేమమని తలుస్తాను. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. ఫోనుండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. మా గదిలో ఆరుగురం ఉంటాం. ఫోనులో ఒక మాట అంటే మిగతా ఐదుగురికీ అది ఆ పూట కాలక్షేపం. పక్క గది అతను సెలవు మీద రాజోలు వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపుతున్నాను.

పోయిన నెల ఫోనులో నువ్వు అడిగావు కదా, "ఏంట్రా, గొంతు అదోలా ఉంది" అని. విషయం ఇదీ. మా క్లినిక్‌లో మన తెలుగమ్మాయి ఒకరు నర్సుగా చేస్తోంది. ఇక్కడ నర్సును అందరూ సిస్టరనే పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను. ఒకరోజు కౌంటర్ దగ్గర నిలబడి పావుగంట కబుర్లు చెబుతుంది. అమ్మ మోకాలి ఆపరేషన్ గురించి అడుగుతుంది, ఏ వ్యాయామం చేయించాలో చెబుతుంది. మర్నాడు ఎదురుగా వస్తే మనిషి కనపడనట్టే వెళ్లిపోతుంది. రెండు రోజులు పోయాక మళ్లీ మామూలు. ఆరు నెలలుగా ఇదే వరస.

గదిలో వాళ్లు ఇది ఎలాగో పసిగట్టారు. ఒకడేమో "మొహం తిప్పుకుందంటే నీ మీద ఇష్టమున్నట్టే, పరీక్ష పెడుతోంది, వెంటపడు" అన్నాడు. ఇంకొకడు "అవసరానికి నవ్వుతుంది, వదిలెయ్" అన్నాడు. ఇద్దరూ ఆమెను చూసిన వాళ్లు కారు. మొదటివాడు సినిమాలో చూసింది చెప్పాడు, రెండోవాడు తనకు జరిగింది చెప్పాడు.

మా గదిలో బీఈడీ చదివి ఇక్కడ స్టోరుకీపరుగా చేసే అన్న ఒకాయన ఉన్నాడు. ఆయన చెప్పింది మాత్రం నాకు పట్టింది. అమెరికాలో స్కిన్నర్ అనే ఆయన పావురాల మీద ప్రయోగాలు చేశాడట, బీఈడీ పుస్తకాల్లో ఆ పాఠం ఉంటుందట. మీట పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆగిపోగానే పావురం కూడా కాసేపటికి పొడవడం మానేస్తుంది. అదే గింజ ఎప్పుడు పడుతుందో తెలియకుండా ఒకసారి పడి, నాలుగుసార్లు పడకుండా, మళ్లీ ఒకసారి పడితే, ఆగిపోయాక కూడా అది చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. "రోజూ నవ్వే మనిషి గురించి నువ్వు ఇంత ఆలోచించవు తమ్ముడూ. ఎప్పుడు నవ్వుతుందో తెలియదు గనక రోజంతా అదే ధ్యాస. ఈ ధ్యాస ఎంత ఉందనేది చూసి ఆమెకు నీ మీద ఎంత ఉందో లెక్కకట్టకు. ముందు గింజ ఎప్పుడు పడుతోందో చూడు" అన్నాడు.

మన పని లెక్కలే కదా బావా. ఒక బిల్లు బుక్కు వెనకాల నాలుగు వారాలు రాసి చూశాను. ఆమె ఏం చేస్తోందని నిఘా పెట్టలేదు, వెనకాల తిరగలేదు. కౌంటర్‌లో నా పని నేను చేసుకుంటూ, ఎదురైనప్పుడు ఎలా మాట్లాడిందో ఒక గుర్తు, అప్పుడు టైమెంత, పక్కన ఎవరున్నారు, అంతే. బాగా మాట్లాడితే కూడిక గుర్తు, మామూలైతే సున్నా, ముభావంగా ఉంటే తీసివేత గుర్తు.

ఇక్కడి డ్యూటీల సంగతి చెబితేగానీ ఆ లెక్క నీకు అర్థం కాదు. నాది రెండు ముక్కల దవాం. పొద్దున 8 నుంచి 12, మళ్లీ సాయంత్రం 4 నుంచి 8. నర్సులది వారానికోసారి మారుతుంది. ఒక వారం పొద్దున 8 నుంచి 4, ఒక వారం సాయంత్రం 4 నుంచి రాత్రి 12, ఒక వారం రాత్రి 12 నుంచి పొద్దున 8. నేను రాసిన నాలుగు వారాల్లో ఆమెకు పొద్దున, సాయంత్రం, రాత్రి, మళ్లీ పొద్దున పడ్డాయి. వారానికి ఆరు రోజుల లెక్కన 24 రోజులు కనపడింది. అందులో కూడికలు 11, సున్నాలు 4, తీసివేతలు 9.

ముందు ఆ 9 రోజుల సంగతి. వాటిలో 5 రోజులు రాత్రి డ్యూటీ వారంలోవే. నేను 8కి వచ్చేసరికి ఆమె దిగిపోతుంది. బయట ఆడవాళ్ల హాస్టల్ వ్యాను స్టార్ట్ చేసి ఉంటుంది. పది నిమిషాలకు మించి ఆగదు, అది పోతే టాక్సీకి డబ్బులు తనే పెట్టుకోవాలి. రాత్రంతా ఎమర్జెన్సీలో నిలబడ్డ మనిషి, వచ్చే నర్సుకు కేసులన్నీ ఒప్పజెప్పి, సంతకం పెట్టి, ఆ వ్యాను అందుకోవాలి. అప్పుడు నన్నే కాదు, ఎవర్నీ చూడదు. ఆ వారంలో ఒకే ఒక్కరోజు ఆగి "బాగున్నారా" అంది. ఆ రోజు పక్కన ఏం రాశానో తెలుసా? "వ్యాను లేటు."

ఇంకో 2 రోజులు ఆదివారాలు. ఇక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే. ఆ రోజు మా ముదీర్ వచ్చి కౌంటర్ వెనకాల కూర్చుని వసూళ్లు చూసుకుంటాడు. ఆయన ఉన్నంతసేపు ఆమె నోట ఫైలు నంబరు, డాక్టరు పేరు తప్ప ఇంకో మాట రాదు.

మిగిలిన 2 రోజులు నెలాఖర్లో వచ్చాయి. ఇక్కడ మనలాంటి పరదేశీ పనివాళ్లకు కంపెనీయే ఇన్సూరెన్సు కట్టాలి, కాబట్టి చాలా బిల్లులు ఇన్సూరెన్సు కంపెనీకే వెళతాయి. ఫైల్లో బీపీ, జ్వరం నర్సు రాయకపోయినా, ఇంజక్షన్ ఇచ్చిన టైము లేకపోయినా ఆ బిల్లు వెనక్కొస్తుంది. అలాంటి ఫైళ్లను చీటీ పెట్టి హెడ్ నర్సుకు పంపడం నా పని. చీటీ మీద ఎవరి డ్యూటీలో జరిగిందో పేరు రాయాలి. ఆ నెల ఆమె పేరు మీద మూడు ఫైళ్లు వెళ్లాయి. హెడ్ నర్సు దగ్గర మాట పడ్డాక, ఆ చీటీ రాసినవాడికి నవ్వుతూ పలకరింపు ఎవరు చెబుతారు?

అంటే 9కి 9 తీసివేతలూ వ్యాను, ముదీర్, చీటీ, ఈ మూడింటితో తెగిపోయాయి. పరీక్ష పెట్టడమూ లేదు, అలకా లేదు.

ఇక్కడితో ఆపితే సగం లెక్కే చేసినట్టు. ముభావంగా ఉన్న రోజులకు కారణం దొరికింది గనక, నవ్విన రోజులన్నీ నావేనని సంబరపడడం తేలిక. అందుకని 11 కూడికల్ని కూడా అలాగే విప్పి చూశాను.

వాటిలో 8 రోజులు ఆమె అప్రూవల్ కోసం కౌంటర్ దగ్గర నిలబడ్డవే. స్కానింగుకో, ఖరీదైన పరీక్షకో ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకునేదాకా రోగిని లోపలికి తీసుకెళ్లడానికి లేదు. అది ఒక్కోసారి అయిదు నిమిషాలు, ఒక్కోసారి గంట. ఆ ఖాళీలో ఎదురుగా ఉన్నది నేను, అందుకని నాతో మాట్లాడుతుంది. ఒకరోజు నేను బ్యాంకుకు వెళ్లి వచ్చేసరికి, నా బదులు కూర్చున్న మలబారీ కుర్రాడితో అంతే హుషారుగా మాట్లాడుతోంది. ఇంకోరోజు పులిహోర తెచ్చింది. నాకు ఒక గిన్నె ఇచ్చింది నిజమే. నేపాలీ వాచ్‌మన్‌కీ, బెంగాలీ క్లీనర్‌కీ, ల్యాబ్ వాళ్లకీ కూడా ఇచ్చింది.

ఇక మిగిలినవి 2 రోజులు. ఆ రెండుసార్లూ పని లేకపోయినా వచ్చి అమ్మ మోకాలి సంగతి అడిగింది. నా ఆశంతా ఆ రెండు కూడికల మీదే నిలబడింది బావా. అయితే అదే వారం ఆమె వాచ్‌మన్‌ని ఆపి, ఊళ్లో అతని భార్యకు ఎన్నో నెల, స్కానింగు చేయించారా అని అడగడం నేను విన్నాను. రోగం గురించి ఆమెకు చెబితే మర్చిపోదు. అది ఆమె చదువు, ఆమె గుణం.

కాబట్టి లెక్క చివర నాకు తేలింది ఇది. ఆమె ముభావంలో నాకు కాదనడం లేదు, ఆమె నవ్వులో నాకు ఔననడం లేదు. ఇంకో ఆర్నెల్లు రాసినా అంతకు మించి తేలదు. తెలుసుకోవాలంటే అడగాలి. లేదా ఆ ఆలోచన మానుకోవాలి.

అడగడం దగ్గర ఈ దేశం సంగతి ఆలోచించాలి. మా క్యాంపులో ఇరవై ఏళ్లుగా ఉన్న పెద్దాయన ఒకరు "పరాయి ఆడపిల్లతో మాట్లాడితే ముతవ్వా పట్టుకెళతారు" అంటాడు. అది ఆయన చూసిన కాలం. 2016 ఏప్రిల్‌లో ప్రభుత్వం వాళ్లకు మనుషుల్ని పట్టుకునే అధికారం, తరిమే అధికారం తీసేసింది. ఆ భయం తగ్గింది కదాని ఏం చేసినా చెల్లుతుందనుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. 2018లో వేధింపుల మీద చట్టం తెచ్చారు. అసభ్యమైన ఉద్దేశంతో అన్న మాట, చేసిన చేష్ట, సైగ, ఫోనులో పంపిన మెసేజ్ అన్నీ దాని కిందికి వస్తాయి. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లక్ష రియాళ్ల వరకు జరిమానా, ఈ రెండింటిలో ఒకటిగానీ రెండూగానీ వేయొచ్చు. పనిచేసే చోట జరిగితే అది అయిదేళ్లు, మూడు లక్షల రియాళ్ల వరకు పోవచ్చు. మర్యాదగా ఒక్కసారి పెళ్లి మాట అడగడం వేధింపు కాదు. కానీ "వెంటపడు" అన్నాడే మా గదివాడు, ఆ మాట విని రాత్రిళ్లు మెసేజీలు పెట్టి, వ్యాను దగ్గర కాపు కాసి ఉంటే, అది ఎంత దూరం పోయేదో చెప్పలేం.

చట్టం అలా ఉంచు. ఆమె వైపు నుంచి చూడు. ఆడపిల్ల ఒక్కతే వచ్చి హాస్టల్లో ఉంటోంది. కౌంటర్‌లో వాడితో పేరు కలిపారంటే ఆ మాట హాస్టల్ వార్డెన్‌కి, అక్కడినుంచి ముదీర్‌కి చేరుతుంది. కాంట్రాక్టు మళ్లీ రాయకపోతే ఆమె వేరే చోట పని వెతుక్కోవాలి, లేదంటే ఫైనల్ ఎగ్జిట్. తెలుగువాళ్లం కాబట్టి నెల తిరక్కుండా ఊళ్లో కూడా తెలుస్తుంది. ఆమెకు ఇష్టం లేకపోయినా పోయేది ఆమె పేరే.

ఇవన్నీ చూసుకుని ఎప్పుడు, ఎక్కడ అడగాలో నిర్ణయించుకున్నాను. రాత్రి డ్యూటీ వారం కాదు, ఆదివారం కాదు, ఫైళ్లు వెనక్కొచ్చే నెలాఖరు కాదు. తలుపు మూసిన గదిలో అసలే కాదు. ఫోనులోనూ కాదు, ఎందుకంటే రాసింది ఎవరైనా ఇంకొకరికి చూపించొచ్చు, అది ఆమెకే చేటు. ఒక మంగళవారం సాయంత్రం అప్రూవల్ కోసం ఆమె కౌంటర్ దగ్గర ఆగింది. వాచ్‌మన్ కనపడేంత దూరంలో ఉన్నాడు, వినపడేంత దూరంలో లేడు.

నాలుగే మాటలన్నాను. "సిస్టర్, మీకు అభ్యంతరం లేకపోతే మా పెద్దవాళ్ల చేత మీ ఇంటికి పెళ్లి మాట పంపించాలని ఉంది. ఇప్పుడే చెప్పక్కర్లేదు. మీరు ఏమీ చెప్పకపోతే కాదనే అనుకుంటాను, మళ్లీ అడగను. ఏం చెప్పినా కౌంటర్ దగ్గర పని ఎప్పటిలాగే ఉంటుంది."

ఆ మూడో మాట కోసం చాలా ఆలోచించాను బావా. కాదని మొహం మీద చెప్పడం ఒక ఆడపిల్లకు, అదీ రోజూ ఫైలు పట్టుకుని అదే మనిషి దగ్గరికి రావాల్సిన ఆడపిల్లకు కష్టం. అందుకని ఊరుకోవడం కూడా ఒక జవాబయ్యేలా అడిగాను. ఆమె తల ఊపింది. అప్రూవల్ వచ్చింది. రోగిని తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులు ఏమీ అనలేదు. అయిదో రోజు ఫైలు ఇస్తూ తనే చెప్పింది. "మీరు మర్యాదగా అడిగారు గనక చెబుతున్నా. నాకు ఆ ఉద్దేశం లేదండీ. ఇంటి మీద అప్పుంది, చెల్లి బీఎస్సీ నర్సింగ్ రెండో ఏడు. ఈ కాంట్రాక్టు, ఆ తర్వాతది కూడా చేస్తే తప్ప తేలదు." తర్వాత ఇంకో మాటంది. "ముదీర్ ఉన్నప్పుడు నేను తలెత్తనని మీరు తప్పుగా అనుకున్నారేమో. కిందటి చోట ఒకరితో నవ్వుతూ మాట్లాడానని నా మీద కాగితం రాశారు. అప్పటినుంచీ అలవాటు చేసుకున్నా."

నా బుక్కులో ముదీర్ ఉన్న రోజని రాసుకున్నాను. ఆ రోజు వెనకాల ఇంత సంగతుందని నాకెలా తెలుస్తుంది? లెక్క ఎప్పుడనేది చెబుతుంది, ఎందుకనేది ఆ మనిషి చెబితేనే తెలుస్తుంది.

గదిలో ఈ జవాబు గురించి మళ్లీ పంచాయితీ పెట్టారు. "అప్పు తీరాక అంది కదా, అంటే తీరేదాకా ఆగమని" అన్నాడు ఆ మొదటివాడే. నేను అలా తీసుకోలేదు. ముందుగా అన్నది "ఆ ఉద్దేశం లేదు" అని. అప్పు, చెల్లి చదువు ఆ తర్వాత వచ్చాయి, నా మనసు నొచ్చుకోకుండా. అప్పు తీరితే కారణం ఒకటి పోతుంది, మొదటి మాట అలాగే ఉంటుంది. దాన్ని పట్టుకుని నాలుగేళ్లు కూర్చుంటే నేనూ ఆ పావురాన్నే.

ఇది జరిగి మూడు వారాలైంది. మొదటి వారం ఆమె ఫైళ్లు వేరే నర్సు చేత పంపింది. నేను ఎందుకని అడగలేదు. రెండో వారం తనే వచ్చింది. మొన్న ఆమె ఫైలు ఒకటి టైము లేక వెనక్కొస్తే, మిగతావాళ్లకు రాసినట్టే చీటీ రాశాను. దాచిపెడితే కాదన్నందుకు మంచి చేసుకుంటున్నట్టుంటుంది, రెండు చీటీలు ఎక్కువ రాస్తే కక్షలా ఉంటుంది. మర్నాడు ఆమె ముభావంగానే ఉంది. ఎందుకో ఈసారి నాకు తెలుసు, బిల్లు బుక్కు తియ్యలేదు. బాధ లేదని అబద్ధం చెప్పను. సాయంత్రం 4 దాటాక ఫైళ్లు తెచ్చే తలుపు వైపు కళ్లు వాటంతట అవే పోతున్నాయి. అది పోవడానికి ఇంకొంత కాలం పడుతుంది.

అమ్మకి ఇదేమీ చెప్పకు. సంబంధాలు చూస్తానని అంటోంది కదా, చూడమను. అయితే పిల్లకి ఇష్టమో కాదో పెద్దవాళ్ల ద్వారా కాకుండా ఒకసారి నేనే ఫోనులో మాట్లాడి తెలుసుకుంటానని నా మాటగా చెప్పు. అమ్మ చేత రోజూ రెండు పూటలా మోకాలి వ్యాయామం చేయించు. కాలు చాపి, మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలి వెనక భాగాన్ని మంచానికి అదిమి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పూటకి పదిసార్లు. నొప్పి ఎక్కువైతే, వాపొస్తే ఆపి డాక్టరుకు చూపించు. అది ఆ సిస్టర్ చెప్పిందే, మంచి మాట ఎవరు చెప్పినా మంచిదే.

ఈ మనిషి చేత రెండు కిలోల ఖలాస్ ఖర్జూరం పంపుతున్నాను, ఖతీఫ్ గురువారం సంతలో కొన్నది. ఒక కిలో అత్తకి, మామయ్యకి, ఇంకోటి అమ్మకి. డబ్బులు ఒకటో తారీకున వేస్తాను.

ఇట్లు
నీ బావమరిది

(ఈ ఉత్తరం మీద మీకేమనిపించిందో రాసి పంపండి. ఇలాంటిదే మీకు జరిగి ఉంటే అదీ రాయండి. పేర్లు వద్దంటే వేయం. వచ్చే వారం ఇంకో ఉత్తరం.)